గుత్తకా... గంటకా?

ఏప్రిల్ నెలాఖరు. ఉంగుటూరు చుట్టుపక్కల దాళ్వా కోతలు అయిపోయి, చేలు ఎండి నెర్రెలిచ్చే రోజులు. కాలువలు కట్టేస్తారు. మళ్లీ నీళ్లొచ్చేది జూన్‌లోనే. ఈ మధ్యలో దొరికే నెలన్నరే ఇక్కడ చెరువు తవ్వుకునేవారికి అసలైన ముహూర్తం.

అలాంటి ఓ ఉదయం, అయిదెకరాల చేనును చేపల చెరువుగా మార్చుకోవాలనుకున్న ఓ కుటుంబాన్ని ఊహించుకోండి. అరుగు మీద ఇంటాయన, పక్కన కొడుకు, గుమ్మంలో నోటుపుస్తకంతో ఇంటావిడ. ఎదురుగా ఇద్దరు కాంట్రాక్టర్లు.

''గుత్తకిచ్చేయండి బాబాయ్‌గారూ. మూడు లక్షల అరవై వేలు. మీరు గట్టు మీదకి కూడా రానక్కర్లేదు. చెరువు తవ్వి మీ చేతిలో పెడతాను'' అన్నాడు మొదటాయన.

''గుత్తంటే భయపడి ఎక్కువ చెబుతారండి. నా మాటిని గంట లెక్కన పెట్టుకోండి. మిషను, రెండు ట్రాక్టర్లు కలిపి గంటకి రెండు వేల అయిదొందలు. నడిచినంతకే ఇవ్వండి. నూట ఇరవై గంటల్లో తేలిపోద్ది'' అన్నాడు రెండో ఆయన.

ఇంటావిడ పుస్తకంలో లెక్క వేసింది. నూట ఇరవై గంటలంటే మూడు లక్షలు. గుత్త కంటే అరవై వేలు తక్కువ. ''ఇంకేం, గంట లెక్కే నయం కదా!'' అన్నాడు కొడుకు. తండ్రి మాత్రం తల ఊపలేదు. ''నూట ఇరవై గంటల్లో అయిపోతుందని ఎవరు చెప్పార్రా?'' అని అడిగాడు.

మొత్తం వ్యవహారం ఆ ఒక్క ప్రశ్నలోనే ఉంది. (ఇక్కడ చెప్పిన రేట్లన్నీ లెక్క తేలిగ్గా అర్థం కావడానికి అనుకున్నవే. డీజిలు ధరను బట్టి, సీజన్ను బట్టి, ఊరిని బట్టి అవి మారుతుంటాయి. లెక్క వేసే పద్ధతి మాత్రం మారదు.)

ముందు పని ఎంతో తేలాలి

రేటు అడిగే ముందు అడగాల్సింది ఒకటుంది. తవ్వాల్సిన మట్టి ఎంత? చాలామంది ''అయిదెకరాల చెరువుకి ఎంత తీసుకుంటావ్?'' అని అడుగుతారు. ఆ ప్రశ్నకు పది మంది పది రకాల చెరువులు ఊహించుకుని పది ధరలు చెబుతారు. వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడానికి లేదు.

అయిదెకరాలంటే సుమారు 20,200 చదరపు మీటర్లు. చేను చదరంగా ఉంటే ఒక్కో వైపు 142 మీటర్లు వస్తుంది. చుట్టూ కట్ట వేయాలి. కట్ట పైన ట్రాక్టరు తిరగాలంటే మూడు మీటర్ల వెడల్పు కావాలి. ఎత్తు రెండు మీటర్లు. మీటరు ఎత్తుకు మీటరున్నర చొప్పున రెండువైపులా వాలు ఇస్తే, కట్ట అడుగు వెడల్పు తొమ్మిది మీటర్లవుతుంది. పైన మూడు, అడుగున తొమ్మిది... సగటు ఆరు. దాన్ని రెండు మీటర్ల ఎత్తుతో హెచ్చిస్తే పన్నెండు. అంటే కట్ట పొడవు ఒక్కో మీటరుకు పన్నెండు క్యూబిక్ మీటర్ల మట్టి పడుతుంది.

కట్ట మధ్యగీత చుట్టూ కొలిస్తే 532 మీటర్లు. హెచ్చిస్తే దాదాపు 6,400 క్యూబిక్ మీటర్లు. పోసిన మట్టి తొక్కితే కుదించుకుపోతుంది కాబట్టి దానికి మరో ఎనిమిదో వంతు కలపాలి. మొత్తం 7,200 క్యూబిక్ మీటర్లు. కట్ట ఆక్రమించింది పోగా లోపల మిగిలే నేల మూడెకరాల ఎనభై సెంట్లు. ఆ నేలంతా సమంగా ఒకటిన్నర అడుగు తీస్తే ఈ మట్టి సరిపోతుంది. కొత్తవాళ్లకు ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఇలాంటి చెరువులో లోతు ఎక్కువగా వచ్చేది తవ్వడం వల్ల కాదు, కట్ట ఎత్తు వల్ల.

ఇంటావిడ పుస్తకంలో ఈ ఒక్క పేజీ ఉంటే చాలు. అదే పని పత్రం. కట్ట వెడల్పు, ఎత్తు, వాలు, లోపల ఎంత లోతు, మట్టి ఎక్కడి నుంచి తీయాలి, పొర పొరకూ తొక్కించాలా లేదా, తూము ఎక్కడ, మిషను తెచ్చి తీసుకెళ్లే ట్రెయిలరు కిరాయి ఎవరిది... ఇవన్నీ రాసి, జిరాక్సు తీసి ముగ్గురికి ఇవ్వాలి. ముగ్గురూ అదే కాగితం మీద ధర రాయాలి. అప్పుడే ఎవరిది ఎక్కువో ఎవరిది తక్కువో తెలుస్తుంది.

గంట లెక్కలో దాగిన ప్రశ్న

ఇప్పుడు తండ్రి ప్రశ్నకు వద్దాం. 7,200 క్యూబిక్ మీటర్లు 120 గంటల్లో అయిపోవాలంటే గంటకు 60 క్యూబిక్ మీటర్లు తేలాలి. నేల ఎండి, మిషను మంచిదై, ఆపరేటరు చేయి తిరిగినవాడైతే 75 కూడా రావచ్చు. అప్పుడు 96 గంటలు. ఖర్చు 2,40,000. అదే అడుగున బురద తగిలి, బకెట్టుకు మట్టి అంటుకుపోతూ, ట్రాక్టర్లు దిగబడుతూ ఉంటే గంటకు 40 రావడం గగనం. అప్పుడు 180 గంటలు. ఖర్చు 4,50,000.

అంటే గంట లెక్క ధర మూడు లక్షలు కాదు. రెండు లక్షల నలభై వేలకూ నాలుగున్నర లక్షలకూ మధ్యన ఎక్కడో ఉంటుంది. ఆ ''ఎక్కడో'' ఎక్కడన్నది నేల నిర్ణయిస్తుంది. ఆ తేడా మొత్తం ఇంటాయన జేబులోంచే పోతుంది.

గుత్తలో ఈ బరువు కాంట్రాక్టరు మీద పడుతుంది. అందుకే ఆయన అరవై వేలు ఎక్కువ అడిగాడు. అది మోసం కాదు. బురద తగిలితే తానే భరిస్తానని ఒప్పుకున్నందుకు తీసుకునే ధర.

మరి ఏది లాభం? 3,60,000ను గంట రేటు 2,500తో భాగిస్తే 144 వస్తుంది. 7,200ను 144తో భాగిస్తే 50. అంటే ఈ చేలో మిషను గంటకు 50 క్యూబిక్ మీటర్ల కంటే ఎక్కువ తీస్తే గంట లెక్క లాభం. అంతకంటే తక్కువైతే గుత్త లాభం. ఇంత పెద్ద తగువూ ఒక్క అంకె దగ్గరకు వచ్చి ఆగింది... యాభై!

ఆ అంకెను ఊహించనక్కర్లేదు. కొలవచ్చు. గుత్త ధర 15 రోజులు చెల్లుతుందని కాగితం మీద రాయించుకుని, ఒక రోజు, అంటే ఎనిమిది గంటలు, గంట లెక్కన పని చేయించాలి. ఖర్చు 20,000. సాయంత్రం టేపు పట్టుకుని గొయ్యి కొలవాలి. 30 మీటర్ల పొడవు, 24 మీటర్ల వెడల్పు, అర మీటరు లోతు వచ్చిందనుకోండి. 360 క్యూబిక్ మీటర్లు. గంటకు 45. ఆ లెక్కన పని మొత్తానికి 160 గంటలు, నాలుగు లక్షలు. ఈ నేలకు గంట లెక్క నష్టమని ఆ సాయంత్రమే తేలిపోయింది.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. కొలవాల్సింది గొయ్యి. పోసిన గుట్ట కాదు. తవ్విన మట్టి గడ్డలు గడ్డలుగా విడిపోయి పొంగుతుంది. గుట్ట కొలిస్తే పని జరిగినదాని కంటే ఎక్కువగా కనిపిస్తుంది.

గుత్తలో దాగిన ప్రశ్న

''అయితే గుత్తకే ఇచ్చేద్దాం నాన్నా'' అంటాడు కొడుకు. లెక్క ప్రకారం నలభై వేలు మిగులుతుంది కదా!

ఇక్కడే ఇంకో మెలిక ఉంది. ఆ నలభై వేలు ఎక్కడి నుంచి మిగిలాయి? కాంట్రాక్టరు జేబులోంచి. అతనికి కూడా నేల అదే, బురద అదే. పని మొదలెట్టిన నాలుగు రోజులకు తనకు నష్టం వస్తోందని అతనికీ అర్థమవుతుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడు? మాట తప్పకపోవచ్చు. కానీ ఎక్కడ తగ్గించుకోవచ్చో వెతుక్కుంటాడు.

చెరువు పనిలో తగ్గించుకోవడానికి మూడు చోట్లున్నాయి. మొదటిది తొక్కుడు. కట్టను అడుగు మందాన పొరలుగా పోసి, గడ్డలు చితక్కొట్టి, ప్రతి పొర మీదా బండి నడిపించి ఎత్తాలి. దీనికి చాలా గంటలు పడుతుంది. మట్టిని ఒక్కసారే గుమ్మరించి, పైపైన బకెట్టుతో తట్టేస్తే చూడ్డానికి కట్ట నున్నగానే ఉంటుంది. లోపల గడ్డల మధ్య ఖాళీలు అలాగే ఉండిపోతాయి. మొదటి వానకు కట్ట కుంగుతుంది. మొదటిసారి నీళ్లు పెట్టినప్పుడు ఆ ఖాళీల వెంట ఊట బయటకొస్తుంది.

రెండోది మట్టి తీసే చోటు. చెరువు మధ్య నుంచి మట్టి తేవాలంటే ట్రాక్టర్లు కావాలి. కట్ట పక్కనే తవ్వితే మిషను నిలుచున్న చోటు నుంచే పోసేయొచ్చు. ఖర్చు తగ్గుతుంది. కానీ కట్ట కాలి దగ్గర లోతైన కందకం పడుతుంది, మధ్యలో మెరక మిగులుతుంది. కట్ట ఆ కందకంలోకి జారే ప్రమాదం ఒకటి. పట్టుబడి రోజున వల మెరక మీదుగా వస్తుంటే శీలావతి, బొచ్చె కందకంలోకి దిగిపోయి తప్పించుకోవడం మరొకటి. అందుకే కట్ట అడుగుకూ తవ్వకానికీ మధ్య కొంత నేల తవ్వకుండా వదలాలనీ, లోపలంతా సమంగా తీయాలనీ పని పత్రంలోనే రాయాలి.

మూడోది కాలం. వేరే ఊళ్లో లాభం వచ్చే పని దొరికితే, నష్టం వస్తున్న చోటు నుంచి మిషను రాత్రికి రాత్రే మాయమవుతుంది. ''టైరాడ్డు పోయిందండి, బాగు చేయించి తెస్తాను'' అన్న కబురు మాత్రం మిగులుతుంది. జూన్‌లో వానలు పడ్డాక చేలో మిషను దిగదు. పిల్ల వదిలే అదను దాటిపోతే ఆ ఏడాది చెరువు లేనట్టే. అప్పు మీద వడ్డీ మాత్రం ఆగదు.

కాబట్టి కాంట్రాక్టరు నష్టపోయే గుత్త, యజమానికి లాభం కాదు. ఆ నష్టం ఏదో ఒక రూపంలో కట్టలో చేరి కూర్చుంటుంది.

బోరు వేసేవారి దారి

గుత్తకూ గంటకూ మధ్యన మూడో దారి ఒకటుంది. అది అందరికీ తెలిసిందే, పేరు పెట్టి పిలవరంతే. బోరు వేయించేటప్పుడు ''మొత్తం ఇంత'' అనో, ''గంటకు ఇంత'' అనో ఎవరూ మాట్లాడరు. అడుగుకు ఇంత అంటారు. నీళ్లు ఎన్ని అడుగుల్లో పడతాయో ఇద్దరికీ తెలియదు. అందుకని ఎంత లోతు అన్న భారం యజమాని తీసుకుంటాడు. అడుగు దిగడానికి ఎంతసేపు పడుతుందన్న భారం బోరు బండివాడు తీసుకుంటాడు.

మట్టి పనికీ ఇది కుదురుతుంది. క్యూబిక్ మీటరుకు ఇంత అని. ఆపరేటరు నెమ్మదిగా నడిపితే అది కాంట్రాక్టరు నష్టం. యజమాని మధ్యలో ''కట్ట ఇంకో అడుగు లేపండి'' అంటే అది యజమాని ఖర్చు. ఎవరి చేతిలో ఉన్నదానికి వాళ్లు బాధ్యులు.

దీనికి కావాల్సింది నమ్మకమైన కొలత. పని మొదలుపెట్టక ముందు లెవెల్ మిషనుతో చేను ఎత్తుపల్లాలు ఇద్దరి ఎదుటా రాసుకోవాలి. తవ్వేటప్పుడు అక్కడక్కడా చిన్న మట్టి దిమ్మలు తవ్వకుండా వదిలేయాలి. పాత నేల మట్టం ఎంతో అవే సాక్ష్యం చెబుతాయి. కొలత పూర్తయి ఇద్దరూ సంతకాలు పెట్టాకే వాటిని తీసేయాలి.

నేలను ముందే అడగండి

ఏ పద్ధతి ఎంచుకున్నా, అసలు తగువంతా నేల కింద ఏముందో తెలియకపోవడం వల్లే. మరి ముందే తెలుసుకుంటే? టెండరు పిలవక ముందే ఒక పూట చిన్న మిషను పెట్టి, నాలుగు మూలలా ఒకటి, మధ్యలో ఒకటి చొప్పున రెండేసి మీటర్ల గోతులు తీయించాలి. ఎంత లోతులో నల్లమట్టి ఆగింది, ఎక్కడ ఇసుక పొర తగిలింది, మర్నాటికి గోతిలో ఎన్ని అడుగుల నీరు ఊరింది అన్నవి రాసుకోవాలి. ధర రాసే ముగ్గురికీ ఆ గోతులు చూపించాలి.

కాంట్రాక్టరు ఎక్కువ అడిగేది నేలకు భయపడి కాదు, తెలియనిదానికి భయపడి. గొయ్యి చూశాక ఆ భయం తగ్గుతుంది, ధర కూడా తగ్గుతుంది. ఒకవేళ గోతిలో ఇసుకే కనిపిస్తే ధర పెరుగుతుంది. కానీ ఆ సంగతి కట్ట సగం లేచాక తెలియడం కంటే, చేతిలో డబ్బు ఉండగా తెలియడం మేలు. కావాలంటే చెరువు ఆలోచనే మానుకోవచ్చు.

పెద్ద పనులకూ ఇదే చిక్కు. ఈ ప్రాంతానికి దగ్గర్లోనే ఉన్న పోలవరం ప్రాజెక్టు ప్రధాన పనులను 2013లో ఈపీసీ పద్ధతిలో, అంటే డిజైనుతో సహా ఒకే మొత్తానికి అప్పగించారు. ఆ తర్వాత మధ్యలో కొన్ని పనులను విడదీసి మరో సంస్థకు ఇవ్వాల్సి వచ్చింది. 2019లో మిగిలిన పనులకు రివర్స్ టెండరు పిలిచారు. ఒకే మొత్తమని కాగితం మీద రాసినంత మాత్రాన పని అదే చేతిలో, అదే ధరకు పూర్తవుతుందన్న హామీ ఉండదని ఊరి చెరువైనా, నది మీది ప్రాజెక్టైనా చెప్పే సంగతి ఒక్కటే.

ఎవరికివ్వాలి?

ధరలు వచ్చాక తక్కువ రాసినవారిని పిలిచే ముందు రెండు పనులు చేయాలి.

మొదటిది, ఒక్కొక్కరు ఏమేం వదిలేశారో చూడటం. ఒకాయన ట్రెయిలరు కిరాయి కలపలేదు. ఇంకొకాయన ఆపరేటరు బత్తా, భోజనం యజమానివే అన్నాడు. మరొకాయన తొక్కుడు రాయలేదు. జీఎస్టీ కలిపా, కాకనా అన్నది ఎవరూ చెప్పలేదు. వీటన్నిటికీ రూపాయలు కట్టి కలిపితే, మొదట తక్కువగా కనిపించిన ధర చాలాసార్లు రెండో స్థానానికో మూడో స్థానానికో వెళుతుంది. మిగతా ఇద్దరి కంటే మరీ తక్కువ రాసిన మనిషి ఉంటే సంతోషపడే ముందు ''ఈ పేజీలో ఏది చూడలేదు నువ్వు?'' అని అడగాలి. పొరపాటున రాసిన ధరను పట్టుకుని సంతకం పెట్టించుకుంటే, ఆ పొరపాటు ఎవరి కట్టలోకి వెళుతుందో పైన చూశాం.

రెండోది, పాత పని చూడటం. కొత్త కట్ట ఎవరు వేసినా బాగుంటుంది. రెండు వానాకాలాలు దాటిన చెరువు ఏదైనా చూపించమనాలి. కట్ట మీద చివరి వరకూ నడవాలి. పొడవునా బీటలున్నాయా, లోపలి వాలు జారిందా, బయటివైపు కట్ట కాలి దగ్గర ఎండాకాలంలో కూడా తడి, పచ్చగడ్డి ఉన్నాయా అని చూడాలి. ఆ పచ్చదనం అందంగానే ఉంటుంది గానీ అది ఊట గుర్తు. ఆ చెరువు యజమానిని ఒక్క మాట అడగాలి, ''ఒప్పుకున్న రోజుకి పూర్తి చేశాడా?''

మిషను సొంతమా, కిరాయిదా అన్నది కూడా ముఖ్యమే. కిరాయి మిషను మీద కాంట్రాక్టరుకు పట్టు తక్కువ. అసలు యజమాని ఫోన్ చేస్తే మర్నాడే వెళ్లిపోతుంది.

మూడు ముక్కల ఒప్పందం

చివరకు అరుగు మీది కుటుంబం ఏం చేయొచ్చు? పనిని ముక్కలు చేయొచ్చు. తెలిసింది ఒకవైపు, తెలియనిది ఒకవైపు.

కట్ట, తవ్వకం కొలిచే పని. క్యూబిక్ మీటరుకు 48 రూపాయలకు కుదిరిందనుకోండి. 7,200కు 3,45,600. తూము, పైపులు, వాటి చుట్టూ కట్టుబడి... ఇందులో తెలియనిది ఏమీ లేదు. అది గుత్త. 30,000. ఇసుక పొర తగిలితే దాన్ని తీసి బంకమట్టి నింపడం, ఊట నీరు తోడటం... ఇది ఎంతో ఎవరికీ తెలియదు. దీనికి మాత్రం గంట లెక్క. అదీ 20 గంటలకు మించకుండా. అంటే 50,000 లోపు. ఆపైన ఒక్క గంటైనా యజమాని సంతకం లేకుండా నడవకూడదు.

మూడూ కలిపితే 4,25,600. అనుకున్న కొలతలు మార్చనంత వరకు ఇది మించకూడని మొత్తం. ఇసుక తగలకపోతే యాభై వేలు మిగిలినట్టే. బ్యాంకు అప్పుకు వెళ్లేటప్పుడు ఇంటావిడ పుస్తకంలోంచి చూపించాల్సిన అంకె ఇదే.

గంట లెక్క నడిచే రోజుల్లో ఒక చిన్న పుస్తకం గట్టు మీదే ఉండాలి. మిషనులో అవర్ మీటరు ఉంటుంది. ఉదయం రీడింగు, సాయంత్రం రీడింగు రాసి ఆపరేటరు, ఇంటి మనిషి ఇద్దరూ సంతకం పెట్టాలి. అయితే ఆ మీటరు ఇంజను నడిచినంతసేపూ తిరుగుతుంది, బకెట్టు కదలకపోయినా సరే. ఆపరేటరు ఇంజను ఆపకుండా చెట్టు కింద క్యారేజీ విప్పితే ఆ అరగంట కూడా మీటరులో చేరుతుంది. భోజనం, రిపేరు, ట్రాక్టర్ల కోసం ఎదురుచూసే సమయం లెక్కలోకి రావని ముందే రాసుకుంటే రోజూ మాట పట్టింపులుండవు.

డబ్బు రోజులను బట్టి కాకుండా పనిని బట్టి ఇవ్వాలి. మిషను దిగాక కొంత అడ్వాన్సు. తర్వాత పావు వంతు పని కొలిచినప్పుడల్లా దానికి తగ్గ సొమ్ము, అందులో అడ్వాన్సు కొంత కొంత విరుచుకుంటూ. ప్రతి బిల్లులో పదో వంతు ఆపి ఉంచాలి. కట్ట పని మొత్తం మీద అది 34,560 అవుతుంది. మొదటిసారి నీరు నింపి, నెల రోజులు కట్ట నిలిచాక ఆ సొమ్ము ఇచ్చేయాలి. నోటిమాటగా చెప్పుకున్న ఒప్పందమూ చట్టం ముందు ఒప్పందమే. కానీ తగువొస్తే రుజువు చేసుకోవడం కష్టం. కాబట్టి ఇదంతా కాగితం మీద ఉండాలి.

ఆలస్యానికి రోజుకు ఇంత అని రాసుకోవచ్చు. కాకపోతే 1872 నాటి కాంట్రాక్టు చట్టం, సెక్షన్ 74 ప్రకారం కోర్టు ఇప్పించేది న్యాయమైన పరిహారమే. కాగితం మీద రాసిన అంకె దానికి గరిష్ఠ పరిమితి మాత్రమే. రోజుకు లక్ష అని రాసుకున్నంత మాత్రాన లక్ష రాదు.

''ఇదొక్కటి కూడా చేసి పెట్టవయ్యా'' అని చనువుగా అడిగేసే అదనపు పనులతోనూ జాగ్రత్త. ఉచితంగా చేస్తున్నానని చెప్పని పనికి, దాని ఫలం అనుభవించినవారు పరిహారం ఇవ్వాలంటుంది అదే చట్టంలోని సెక్షన్ 70. అదనపు పని ఏదైనా మొదలుపెట్టక ముందే పుస్తకంలో రాసి, ఏ రేటుకో తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు...

ఈ లెక్కలన్నీ ఒక్క షరతు మీద ఆధారపడి ఉన్నాయి. ఆ చేలో చెరువు తవ్వడానికి అనుమతి ఉండాలి. ఉంగుటూరు దక్షిణాన కొల్లేరు. అయిదో కాంటూరు వరకు ఉన్న ప్రాంతాన్ని 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో ఆ పరిధిలోని చేపల చెరువుల గట్లను మిషన్లతోనే తెగ్గొట్టడం ఈ ప్రాంతంవారు కళ్లారా చూసిందే. అభయారణ్యం బయటైనా సాగు భూమిని చెరువుగా మార్చడానికి అధికారుల అనుమతి కావాలి.

అనుమతి లేని చోట ఎంత పకడ్బందీ ఒప్పందం రాసుకున్నా ఫలితం లేదు. చట్టానికి విరుద్ధమైన పని కోసం రాసుకున్న ఒప్పందం చెల్లదని కాంట్రాక్టు చట్టం సెక్షన్ 23 చెబుతోంది. కాంట్రాక్టరు అడ్వాన్సు పట్టుకుని వెళ్లిపోయినా, ఆ కాగితాన్ని చూపించి పని చేయించమని కోర్టును అడగలేరు. అందుకే ఇంటావిడ పుస్తకంలో మొదటి పేజీ కొలతలది కాదు. సర్వే నంబరు, అనుమతి కాగితం నకలు ఉండాల్సిన పేజీ అది.

జూన్ రెండో వారం. కాలువకు నీళ్లొచ్చాయి. తూము ఎత్తగానే మెల్లగా చెరువు నిండుతోంది. ఇంటాయన కట్ట లోపలివైపు చూడటం లేదు. చెప్పులు చేత్తో పట్టుకుని బయటివైపు కట్ట కాలి వెంట నడుస్తున్నాడు. అరికాలికి తడి తగులుతుందేమోనని. కాంట్రాక్టరు కూడా ఆయన వెనకే నడుస్తున్నాడు. ముప్పై నాలుగు వేల అయిదు వందల అరవై రూపాయలు ఇంకా ఆయనకు రావాల్సి ఉంది మరి!